టమాటా ధరల ప్రాజెక్టు: మెంటర్‌కు రాసే సందేశం

సొంతంగా డేటా విశ్లేషణ నేర్చుకున్నవారు మొదటి పోర్ట్‌ఫోలియో ప్రాజెక్టు పూర్తయ్యాక, ఆ రంగంలో అనుభవం ఉన్న ఒకరికి సందేశం పంపుతారు. అది చాలాసార్లు రెండు ముక్కల్లో ఉంటుంది. "సార్, ఇది నా మొదటి ప్రాజెక్టు. చూసి నిజాయతీగా మీ అభిప్రాయం చెప్పగలరు." కింద ఒక లింకు. దానికి వచ్చే జవాబూ అంతే పొట్టిగా ఉంటుంది: "బాగుంది, కొనసాగించండి."

జవాబిచ్చినవారికి నిజం చెప్పే ఉద్దేశం లేక అలా జరగదు. లింకు నొక్కగానే పొడవాటి నోట్‌బుక్ ఒకటి తెరుచుకుంటుంది. అందులో ప్రశ్న ఏమిటో, ఏది రాసినవారి నిర్ణయమో, ఏది పాఠంలోంచి దించుకున్నదో తెలియదు. అది తెలుసుకోవడానికే గంట పడుతుంది. ఆ గంట లేనివారు పైపైన చూసి, మర్యాద తప్పకుండా ఒక మంచిమాట రాసి ఊరుకుంటారు. సందేశంలో "నిజాయతీగా" అన్న మాట ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. నిజం చెప్పడానికి అవతలివారికి ఒక చోటు చూపించారా లేదా అన్నదే తేడా తెస్తుంది.

ఈ అవసరం సొంతంగా నేర్చుకున్నవారికి మరీ ఎక్కువ. ఆఫీసులో పనిచేస్తూ నేర్చుకునేవారి పక్కన ఎవరో ఒకరు కూర్చుని, "ఈ కాలమ్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ అంకె ఇంత పెద్దగా ఎందుకుంది?" అని అడుగుతుంటారు. వీడియోలు చూసి ఒంటరిగా నేర్చుకునేవారికి ఆ గొంతు ఉండదు. పైగా వీడియోల్లోని డేటా ముందే శుభ్రం చేసి పెట్టినది, జవాబు తెలిసినది. సొంత డేటా దగ్గరికి వచ్చేసరికి తప్పులు వేరే రకంగా వస్తాయి. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే అది మంచి తప్పే అనుకోవాలి, ఎందుకంటే తెర మీద ఎర్రగా కనిపిస్తుంది, వెతికి సరిచేస్తారు. ప్రోగ్రాం చివరిదాకా నడిచి, ఫలితాన్ని అసలుకన్నా గొప్పగా చూపించే తప్పు ప్రమాదకరం. దాన్ని చేసినవారు సంతోషిస్తారు తప్ప వెతకరు. మెంటర్ కళ్ళు అవసరమయ్యేది సరిగ్గా అలాంటి తప్పుకే.

ఒక ఊహా ప్రాజెక్టు తీసుకుంటే ఇది తేలిగ్గా తెలుస్తుంది. మదనపల్లెలో ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తూ, రాత్రిపూట పైథాన్ నేర్చుకున్న ఒక బీకాం పట్టభద్రురాలు ఉందనుకుందాం. జూనియర్ డేటా అనలిస్టు ఉద్యోగాలకు దరఖాస్తు చేయాలని ఆమె ఆలోచన. ప్రాజెక్టుకు ఎంచుకున్నది కళ్ళముందు ఉన్న విషయమే: మదనపల్లె మార్కెట్లో రేపటి టమాటా ధర ఎంత ఉంటుందో ఇవాళ సాయంత్రానికి చెప్పగలమా? మార్కెట్లూ డేటా మూలాలూ నిజమైనవే. మోడల్ ఫలితాలుగా చెప్పే అంకెలు మాత్రం ఈ ఊహా ప్రాజెక్టుకు చెందినవి.

డేటా అగ్‌మార్క్‌నెట్ నుంచి వచ్చింది. ఇది కేంద్ర వ్యవసాయ శాఖ కింద నడిచే పోర్టల్. దేశంలోని మార్కెట్ యార్డుల నుంచి ఏ రోజు ఎంత సరుకు వచ్చింది, ఎంతకు అమ్ముడుపోయింది అన్న వివరాలు అందులో చేరతాయి. ధరలు క్వింటాలుకు రూపాయల్లో ఉంటాయి. ఒక్కో రోజుకు మూడు ధరలు కనిపిస్తాయి: ఆ రోజు పలికిన కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అనబడే మూడోది. ఎక్కువ సరుకు ఏ ధర దగ్గర చేతులు మారిందో ఆ ధరే మూడోది. కంప్యూటర్ మోడల్‌కూ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు కనుక, ఇక్కడ దీన్ని సాధారణ ధర అనడం సులువు. ఆమె 2019 నుంచి 2023 వరకు ఉన్న వరసలు దించుకుంది. సాధారణ ధరను అంచనా వేయడానికి రాండమ్ ఫారెస్ట్ అనే పద్ధతి వాడింది. ఫలితాన్ని ఆర్-స్క్వేర్ అనే కొలతతో చూసింది. ధరల హెచ్చుతగ్గుల్లో ఎంత భాగాన్ని మోడల్ పట్టుకోగలిగిందో ఆ కొలత చెబుతుంది. 1 వస్తే పూర్తిగా పట్టుకున్నట్టు. ఆమెకు 0.98 వచ్చింది.

సందేశం రాయడానికి ముందు ఒక పని ఉంది. నోట్‌బుక్‌ను మొదటినుంచి మళ్ళీ నడిపి చూడాలి. జూపిటర్ నోట్‌బుక్‌లో గళ్ళను ఇష్టమొచ్చిన క్రమంలో నడిపించవచ్చు. వారం కిందట నడిపి తర్వాత చెరిపేసిన గడి తాలూకు విలువ ఇంకా మెమరీలో ఉండిపోయి, దానిమీద ఆధారపడి అంతా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. మెంటర్ తన కంప్యూటర్లో తెరిస్తే నాలుగో గడి దగ్గరే ఆగిపోతుంది. ఫైలు చిరునామా సొంత ల్యాప్‌టాప్ ఫోల్డర్ పేరుతో ఉన్నా అంతే. అన్నీ మూసి, మళ్ళీ మొదలుపెట్టి, పై నుంచి కింది దాకా నడిపిస్తే ఈ రెండూ పది నిమిషాల్లో బయటపడతాయి. వీటిని కనిపెట్టే పని మెంటర్‌కు వదిలేస్తే ఆయన ఇచ్చిన సమయమంతా అక్కడే అయిపోతుంది.

ఇక సందేశం. ఆమె రాసినది ఇలా ఉందనుకుందాం.

"సార్, నమస్తే. కిందటి నెల మా కాలేజీ పాత విద్యార్థుల సమావేశంలో మీతో మాట్లాడాను. పైథాన్ సొంతంగా నేర్చుకుని, జూనియర్ అనలిస్టు ఉద్యోగాల కోసం మొదటి ప్రాజెక్టు చేశాను. మదనపల్లె మార్కెట్లో రేపటి టమాటా ధరను ఇవాళ సాయంత్రమే చెప్పగలమా అన్నది ప్రశ్న. అగ్‌మార్క్‌నెట్‌లో 2019 నుంచి 2023 దాకా ఉన్న రోజువారీ ధరలు తీసుకున్నాను. రాండమ్ ఫారెస్ట్‌తో ఆర్-స్క్వేర్ 0.98 వచ్చింది. ఇంత ఎక్కువ రావడం నాకే అనుమానంగా ఉంది, కానీ ఎక్కడ తేడా చేసిందో దొరకలేదు. మూడు చోట్ల నాకు తోచినట్టు చేశాను. మార్కెట్ లేని రోజుల ఖాళీలను ముందురోజు, తర్వాతిరోజు ధరలకు మధ్యస్థంగా నింపాను. కనిష్ఠ, గరిష్ఠ ధరలను కూడా మోడల్‌కు ఇచ్చాను. పరీక్ష కోసం నాలుగో వంతు వరసలను లాటరీ తీసినట్టు పక్కకు తీశాను. ఈ మూడింట్లో ఏదైనా ఫలితాన్ని పాడుచేస్తోందా? ఇంకొకటి, ఉద్యోగానికి మనుషులను ఎంచుకుంటూ మీరు ఇది చూస్తే ఏ చోట చదవడం ఆపేస్తారు? మొదట రీడ్‌మీ, తర్వాత నోట్‌బుక్‌లో మూడో భాగం చూస్తే చాలు, ఇరవై నిమిషాలు పట్టొచ్చు. వచ్చే నెల మొదటి వారంలో దరఖాస్తులు పంపాలని ఉంది. మీకు వీలుకాకపోతే ఒక్క మాట రాయండి సార్, ఇంకొకరిని అడుగుతాను."

ఇందులో ఎక్కువ పని చేసే వాక్యం, 0.98 తనకే అనుమానంగా ఉందన్నది. అది చదివిన మెంటర్‌కు రెండు సంగతులు తెలుస్తాయి. చెడ్డవార్త వినడానికి ఈమె సిద్ధంగా ఉంది, ఆ వార్త కోసం ఎక్కడ తవ్వాలో కూడా చెబుతోంది. "మొహమాటపడకుండా చెప్పండి" అని పది సార్లు రాసినా రాని చనువు దీనితో వస్తుంది. మెంటర్ చెప్పబోయే కష్టమైన మాటలో సగం ఆమే అనేసింది కనుక, మిగతా సగం అనడం ఆయనకు తేలిక.

తర్వాతది, తను తీసుకున్న నిర్ణయాలను పేరుపేరునా చెప్పడం. ఇది లేకపోతే మెంటర్ కోడ్ చదివి వాటిని వెతుక్కోవాలి. కోడ్‌లో ప్రతి వరుసా ఒకే బరువుతో కనిపిస్తుంది. ఏ వరుస దగ్గర రాసినవారు తటపటాయించారో అది చెప్పదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. తమకు తెలియకుండానే తీసుకున్న నిర్ణయాలను ఎవరూ జాబితాలో రాయలేరు. ఈ ప్రాజెక్టులోనే అలాంటిది ఇంకొకటి దాగి ఉంది, అది జవాబు వచ్చాక గానీ బయటపడదు. కానీ తెలిసిన మూడు రాస్తేనే తెలియని నాలుగోది మెంటర్ కంటపడే అవకాశం వస్తుంది.

రెండో ప్రశ్న అడిగిన తీరు చూడదగ్గది. "ప్రాజెక్టు ఎలా ఉంది?" అంటే వచ్చే జవాబు ఒక విశేషణం. "ఏ చోట చదవడం ఆపేస్తారు?" అంటే జవాబుగా ఒక చోటు చెప్పాలి. నిజంగా మనుషులను ఎంచుకునేవారు ప్రాజెక్టులను చివరిదాకా చదవరు, ఎక్కడో ఆపేస్తారు. ఆ చోటు చెప్పడం వాళ్ళకు మనసు నొప్పించినట్టూ అనిపించదు, అడిగినవారికి దాన్ని మించి ఉపయోగపడేదీ లేదు. జూనియర్ ఉద్యోగం కోసమని ముందే చెప్పడం వల్ల ఏ కొలబద్ద వాడాలో కూడా తేలిపోయింది. పరిశోధనా పత్రాన్ని తూచినట్టు ఈ పనిని తూస్తే జవాబు పూర్తిగా వేరేలా ఉంటుంది.

సందేశంలో లేనివీ గమనించాలి. తను ఎన్ని కోర్సులు చేసిందో, ఎన్ని రాత్రులు మేలుకుందో ఆమె రాయలేదు. కష్టం వినిపించిన కొద్దీ తప్పు చూపించడానికి అవతలివారికి మనసు రాదు. ఉద్యోగానికి సిఫారసు కూడా అడగలేదు. సిఫారసూ అభిప్రాయమూ ఒకే సందేశంలో అడిగితే, అభిప్రాయం చెప్పడం అనే పని సిఫారసుకు ఒప్పుకోవడమో కాదనడమో అయిపోతుంది. అప్పుడు మెంటర్ రెండింటినీ తప్పించుకునే మాట ఒకటి వెతుక్కుంటారు.

మెంటర్ జవాబు నాలుగు రోజులకు వచ్చిందనుకుందాం. "చూశానమ్మా. ప్రశ్న స్పష్టంగా ఉంది, మన ఊరి డేటా తీసుకోవడం నచ్చింది. ఫలితం మాత్రం నమ్మను. నేనైతే రీడ్‌మీలో 0.98 దగ్గరే ఆపేసేవాణ్ణి. మోడల్‌కు ఇచ్చిన ప్రతి కాలమ్ దగ్గరా, ఈ అంకె ఏ రోజు ఏ గంటకు చేతికి వస్తుందని అడిగి చూడండి. పరీక్ష వరసలు లాటరీతో కాదు, తేదీతో విడదీయండి. అన్నిటికన్నా ముందు, రేపటి ధర ఇవాళ్టి ధరే అని చెప్పేస్తే ఎంత తప్పు వస్తుందో లెక్కగట్టండి. అది ఎక్కడా కనిపించలేదు. 2023 జులైలో విపరీతమైన అంకెలు కొన్ని ఉన్నాయి, వాటిని తీసేస్తే మంచిదేమో చూడండి."

పొడవు తక్కువే అయినా ఇందులో నాలుగు వేర్వేరు పనులున్నాయి. మొదటిది కనిష్ఠ, గరిష్ఠ ధరల సంగతి. ఒక రోజు కనిష్ఠం 1,000, గరిష్ఠం 2,200 అని చెబితే, ఆ రోజు సాధారణ ధర 1,600 దరిదాపుల్లో ఉంటుందని ఎవరైనా అనగలరు. దానికి మోడలే అక్కర్లేదు. అసలు చిక్కేమిటంటే, రేపటి కనిష్ఠ, గరిష్ఠ ధరలు ఇవాళ సాయంత్రానికి ఎవరికీ తెలియవు. రేపటి వేలం ముగిశాకే అవి పుడతాయి. అప్పటికి సాధారణ ధర కూడా తెలిసిపోతుంది. అంటే జవాబు పత్రాన్నే మోడల్ చేతికిచ్చి పరీక్ష పెట్టినట్టయింది. ఈ రంగంలో దీన్ని డేటా లీకేజీ అంటారు. "ఏ గంటకు చేతికి వస్తుంది" అన్న ప్రశ్న దాన్ని పట్టుకునే సాధనం. ప్రతి కాలమ్ ఎదుట ఒక వేళ రాసుకుంటూ పోతే, ఇవాళ సాయంత్రం దాటిన వేళ పడిన కాలమ్ లీకే. నిన్నటి కనిష్ఠ, గరిష్ఠ ధరలు వాడుకోవచ్చు, రేపటివి కుదరదు.

ఖాళీ రోజులను నింపిన తీరులోనూ ఇదే లీకు సన్నగా ఉంది. శనివారం ధర 1,200, ఆదివారం మార్కెట్ లేదు, సోమవారం 1,800 అనుకుందాం. ఆదివారం గడిలో మధ్యస్థంగా 1,500 పడింది. ఇప్పుడు సోమవారం ధరను ఆదివారం ధర ఆధారంగా అంచనా వేయమంటే, ఆ 1,500లో సోమవారపు 1,800 సగం కలిసే ఉంది. ధర పెరగబోతోందని మోడల్‌కు ముందే తెలిసిపోయింది. మార్కెట్ లేని రోజును ఖాళీగానే వదిలేసి, చివరగా మార్కెట్ జరిగిన రోజు ధరను వాడితే ఇది పోతుంది.

రెండో పని, పరీక్షకు వరసలు విడదీయడం. పైథాన్‌లో ఈ పనికి అందరూ వాడే `train_test_split` అనే ఫంక్షన్, ఏమీ చెప్పకపోతే వరసలను కలగాపులగం చేసి నాలుగో వంతును పరీక్షకు పక్కన పెడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని వరసలకు అది సరిపోతుంది. ధరలు అలాంటివి కావు. జులై 14 వరస పరీక్షలో ఉండి, 13, 15 తేదీల వరసలు శిక్షణలో ఉంటే, మోడల్ చేసేది భవిష్యత్తును చెప్పడం కాదు, రెండు తెలిసిన రోజుల మధ్య ఖాళీ పూరించడం. సరైన పద్ధతి, 2022 చివరిదాకా శిక్షణకిచ్చి 2023 మొత్తాన్ని పరీక్షకు ఉంచడం.

ఆమె ఈ మార్పులను ఒకేసారి చేయకుండా ఒక్కొక్కటే చేసి, ప్రతిసారీ ఫలితం రాసుకుంది. అలా చేస్తేనే ఏ తప్పు ఎంత వంచించిందో తెలుస్తుంది. అదే రోజు కనిష్ఠ, గరిష్ఠ ధరలు తీసేస్తే 0.98 కాస్తా 0.94 అయింది. ఖాళీలు సరిచేస్తే పెద్దగా మారలేదు. తేదీతో విడదీసేసరికి 0.71కి పడింది. సగటు తప్పు క్వింటాలుకు 620 రూపాయలని తేలింది.

అప్పుడు మూడో పని చేసింది. మోడల్ ఏమీ లేకుండా, రేపటి ధర ఇవాళ్టి ధరే అని రాసుకుంటూ 2023 మొత్తం పోతే ఆర్-స్క్వేర్ 0.93 వచ్చింది, సగటు తప్పు 310 రూపాయలే. కళ్ళు మూసుకుని చెప్పిన జవాబు, ఆమె కట్టిన మోడల్ కన్నా రెట్టింపు మెరుగు. దీన్ని బేస్‌లైన్ అంటారు. ధరల అంచనాలో ఇది చాలా గట్టి ప్రత్యర్థి, ఎందుకంటే రోజుకూ రోజుకూ ధర చాలావరకు నిన్నటి చుట్టూనే తిరుగుతుంది. ఏడాదిలో ధర బాగా కిందికీ పైకీ పోయే సరుకుకు ఆర్-స్క్వేర్ తేలిగ్గా పెద్దగా వస్తుంది. అందుకే ఇలాంటి చోట ఆ కొలతను ఒంటరిగా చూపిస్తే అనుభవం ఉన్నవారికి అనుమానం తగులుతుంది. క్వింటాలుకు ఎన్ని రూపాయల తప్పు, అది బేస్‌లైన్ తప్పు కన్నా ఎంత తక్కువ అన్నది చెబితే మార్కెట్లో మండీ యజమానికి కూడా అర్థమవుతుంది.

బేస్‌లైన్ కన్నా మోడల్ ఇంత వెనకబడటానికి కారణం వెతికితే, తను జాబితాలో రాయలేకపోయిన నాలుగో నిర్ణయం బయటపడింది: పద్ధతిని ఎంచుకోవడం. అసలు ధరలను, అంచనాలను ఒకే గ్రాఫులో గీస్తే, 2023 జులైలో అసలు గీత నిట్టనిలువుగా పైకి పోయింది. అంచనా గీత కొంత ఎత్తుకు చేరి, పైకప్పు తగిలినట్టు అడ్డంగా సాగింది. రాండమ్ ఫారెస్ట్ శిక్షణలో చూసిన విలువల సగటులనే జవాబుగా ఇస్తుంది కనుక, శిక్షణలోని అత్యధిక ధరను ఎప్పటికీ దాటలేదు. ఆమె డేటాలో ఆ ఎత్తు 2021 నవంబరు వానలప్పటిది. 2023 జులై దాన్ని మించిపోయింది. లాటరీతో విడదీసినన్నాళ్ళూ జులై రోజులు కొన్ని శిక్షణలోకి జారి ఈ లోపాన్ని కప్పేశాయి.

దీనికి ఒక మార్గం, ధరను కాకుండా ధరలో మార్పును అంచనా వేయమనడం. ఇవాళ్టి మీద రేపు ఎంత శాతం పెరుగుతుంది, తగ్గుతుంది అన్నది లక్ష్యంగా పెడితే కప్పు సమస్య చాలావరకు పోతుంది, ఎందుకంటే శాతాలు ఏ ఏడాదైనా ఇంచుమించు ఒకే పరిధిలో తిరుగుతాయి. అలా చేసి, మార్కెట్‌కు వచ్చిన సరుకు టన్నులను కూడా కలిపితే సగటు తప్పు 300 రూపాయలకు వచ్చింది. బేస్‌లైన్ మీద పది రూపాయల మెరుగు. గొప్పగా చెప్పుకోదగ్గది కాదు, కానీ నిజమైన అంకె.

నాలుగో సూచన, జులై అంకెలను తీసేయమన్నది. ఇక్కడ ఆమె మెంటర్ మాట వినలేదు, వినకపోవడమే సరి. ఆ ధరలు టైపింగు తప్పులు కావు. ఆ ఏడాది టమాటా కొరత ఎంత ముదిరిందంటే, కేంద్రం ఎన్‌సీసీఎఫ్, నాఫెడ్ సంస్థల చేత మదనపల్లె, కోలారు వంటి మార్కెట్లలో కొనిపించి, జులై 14 నుంచి ఢిల్లీ ప్రాంతంలో కిలో 90 రూపాయల రాయితీ ధరకు అమ్మించింది. మెంటర్ ఏ టెలికాం కంపెనీ డేటాతోనో పనిచేసి ఉంటారు, ఆయనకు పద్ధతులు తెలుసు, టమాటా తెలియకపోవచ్చు. అసలైన పెరుగుదలకూ ఎక్కింపు తప్పుకూ తేడా డేటాలోనే కనిపిస్తుంది. నిజంగా పెరిగిన ధర వారాల తరబడి మెట్లు ఎక్కుతుంది, కనిష్ఠమూ గరిష్ఠమూ దానితోపాటే ఎక్కుతాయి. తప్పు అంకె ఒక్క రోజు వచ్చి మర్నాటికి మాయమవుతుంది. ఆమె డేటాలో అలాంటిది నిజంగానే ఒకటి దొరికింది: ముందురోజు 1,750, తర్వాతిరోజు 1,820 ఉండగా మధ్యలో 18. క్వింటాలుకు రాయాల్సిన చోట ఎవరో కిలో ధర ఎక్కించారు. తీసేయాల్సింది ఆ వరసని, జులైని కాదు.

ఇదంతా అయ్యాక ఆమె రాసే రెండో సందేశం మొదటిదానికన్నా పొట్టిగా ఉంటుంది. తను ఎందుకలా చేసిందో సమర్థించుకునే వాక్యాలు అందులో ఉండవు. "సార్, మీరు చెప్పినవి చేశాను. 0.98 లీకు వల్ల వచ్చిందే. తేదీతో విడదీస్తే మోడల్ తప్పు 620, నిన్నటి ధర పద్ధతి తప్పు 310. శాతం మార్పుకు మార్చాక 300 అయింది. జులై అంకెలు మాత్రం ఉంచాను. అవి నిజం ధరలే, కారణం రీడ్‌మీలో రాశాను. 18 అని పడ్డ ఒక్క వరస తీసేశాను. ఒక్కటే ప్రశ్న: పది రూపాయల మెరుగును ఫలితమని చెప్పుకోవచ్చా, లేక మోడల్ పనిచేయలేదనే రాయాలా?" ఇలాంటి సందేశానికి మెంటర్ రెండు నిమిషాల్లో జవాబివ్వగలరు. తన మాట ఏమైందో ఆయనకు తెలిసింది, ఒక చోట తన సూచన ఎందుకు కుదరలేదో కూడా తెలిసింది.

ఆ ప్రశ్నకు డేటాలోంచి కూడా కొంత జవాబు తీయవచ్చు. ఒక్క 2023 మీదే కాకుండా, 2020 దాకా శిక్షణకిచ్చి 2021ని, తర్వాత 2021 దాకా ఇచ్చి 2022ని పరీక్షించాలి. పది రూపాయల మెరుగు మూడేళ్ళూ నిలిస్తే చిన్నదైనా అది ఫలితమే. ఒక ఏడాది మెరుగై, ఇంకో ఏడాది వెనకబడితే అది యాదృచ్ఛికం. ఆమె చేసి చూస్తే 2021లో మోడల్ బేస్‌లైన్ కన్నా అయిదు రూపాయలు వెనక ఉంది, 2022లో ఇంచుమించు సమానం. దాంతో రీడ్‌మీ మొదటి పేరా మారిపోయింది. రోజువారీ ధర, సరుకు రాక మాత్రమే చూసి మదనపల్లె టమాటా ధరను ఒక రోజు ముందు చెప్పే ప్రయత్నంలో, నిన్నటి ధరను నమ్మగలిగినంత మెరుగుగా ఓడించలేకపోయామని అది చెబుతుంది. దాని కింద 0.98 నుంచి 0.71 దాకా ఏ మార్పుతో ఎంత పడిందో చిన్న పట్టిక ఉంటుంది, కప్పు తగిలిన జులై గ్రాఫు ఉంటుంది. ఉద్యోగానికి ఎంచుకునేవారు ఆగి చూసే చోటు ఇప్పుడు ఆ పట్టికే.

మెంటర్ పేరును రీడ్‌మీలో కృతజ్ఞతగా వేయాలనిపించడం సహజం. ఆయన్ని అడగకుండా వేయకూడదు. పేరు కనిపిస్తే ప్రాజెక్టులోని ప్రతి అంకెకూ ఆయన హామీ ఉన్నట్టు చదివేవారు అనుకుంటారు. ఆయన చూసింది ఇరవై నిమిషాలు, రీడ్‌మీ, మూడో భాగం మాత్రమే. ఆయన ఒప్పుకుంటే, ఏ భాగం చూశారో కూడా ఆ వాక్యంలోనే రాస్తే సరిపోతుంది.